కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నారు. నయమైపోతుందా, బతికినన్నాళ్లూ మాత్రేనా?

కావలి శీను | మంగళవారం రాత్రి 9:50

అందరికీ నమస్తే. కావలిలో ఒక రొయ్యల మేత షాపులో లెక్కలు చూస్తుంటాను. వయసు 43. ఒంట్లో ఏ బాధా లేదు. పోయిన వారం ఇన్సూరెన్స్ వాళ్లు రక్తపరీక్ష అడిగితే చేయించాను. రిపోర్టు చూస్తే ఇదీ సంగతి:

మొత్తం కొలెస్ట్రాల్ 256, ఎల్డీఎల్ 178, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 190.

షుగర్ లేదు, బీపీ లేదు. సిగరెట్లు రోజుకి నాలుగైదు. మా నాన్న 51 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. డాక్టర్ గారు రోసువాస్టాటిన్ 10 రాసిచ్చి రాత్రిపూట ఒకటి వేసుకోమన్నారు. "ఎన్నాళ్లు సార్?" అంటే "వాడుతూ ఉండవయ్యా" అని తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

నాకు తెలియాల్సింది మూడే. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బేనా? మాత్ర మొదలుపెడితే ఇక ఆపకూడదంటారు, అది అలవాటైపోయే మందా? పథ్యంతో తగ్గించుకోవచ్చా? మాత్రల అట్ట బీరువా మీదే ఉంది, ఇంకా చించలేదు.

---

మాలకొండ 68 | మంగళవారం రాత్రి 10:15

తమ్ముడూ, ఆ అట్ట అక్కడే ఉండనీ. నాకు మూడేళ్ల కిందట 262 వచ్చింది. డాక్టర్ మాత్ర రాశాడు, నేను ఒక్కటీ మింగలేదు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె పట్టాను. మందు బంద్ చేశాను (వారానికి నాలుగు రోజులుండేది, దాపరికం ఎందుకు). పొద్దున్నే పచ్చి వెల్లుల్లి రెండు రెబ్బలు. నాలుగు నెలల్లో 213కి వచ్చింది. నయమవుతుందా అంటే, అయింది, ఇదుగో నేనే సాక్ష్యం. ఈ మాత్రలన్నీ కంపెనీల కెమికల్, ఉత్తి వ్యాపారం.

---

నడక మాస్టారు | బుధవారం ఉదయం 5:40

శీను గారూ, మీ బరువు ఎంతో రాయలేదు. కొలెస్ట్రాల్ అంటే కొవ్వే కదా, పొట్ట తగ్గితే అదే దిగిపోతుంది. రోజూ మా స్టేడియంలో ఆరు రౌండ్లు కొడతాము, మా బ్యాచ్‌లో ఎవరికీ ఈ సమస్య లేదు. ముందు బరువు తగ్గండి.

---

కావలి శీను | బుధవారం ఉదయం 7:05

మాస్టారూ, నా బరువు 61 కిలోలు. ఎత్తు 5 అడుగుల 7. పొట్ట లేదు. అదే నాకూ అర్థం కాలేదు, సన్నగా ఉన్నవాడికి కొవ్వేంటి అని.

మాలకొండన్నా, మీ మాట చదివాక ప్రాణం లేచొచ్చింది.

---

ల్యాబ్ బాషా | బుధవారం ఉదయం 8:30

సన్నగా ఉన్నవాళ్ల రిపోర్టుల్లో 200 దాటిన ఎల్డీఎల్ నేను చాలా చూశాను. 26 ఏళ్లుగా ల్యాబ్‌లోనే ఉన్నాను. పొట్ట మీద కొవ్వు వేరు, రక్తంలో తిరిగేది వేరు.

మాలకొండ అన్నా, మీరు చెప్పిన 262, 213 రెండూ మొత్తం లెక్కలు. మొత్తం ఒక్కటే చూస్తే మోసపోతాం. లోపల రక్తనాళాల్లో పేరుకునే ఎల్డీఎల్, మంచి రకం హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు, ఈ మూడింటి విడి లెక్కలు ఉంటే పెట్టండి. తప్పు పట్టడానికి కాదు, శీను గారు మీ మాట మీద అట్ట పక్కన పెట్టేస్తారేమోనని.

---

మాలకొండ 68 | బుధవారం మధ్యాహ్నం 1:20

దాందేముంది, కాగితాలు రెండూ ఉన్నాయి. మొదటిది: మొత్తం 262, ట్రైగ్లిజరైడ్స్ 380, హెచ్‌డీఎల్ 38, ఎల్డీఎల్ 148. రెండోది: మొత్తం 213, ట్రైగ్లిజరైడ్స్ 150, హెచ్‌డీఎల్ 42, ఎల్డీఎల్ 141. చూసుకోండి.

---

ల్యాబ్ బాషా | బుధవారం సాయంత్రం 6:45

థాంక్స్ అన్నా. శీను గారూ, ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి, మీ మూడో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

చాలా ల్యాబుల్లో ఎల్డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్క కడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్స్‌ని 5తో భాగించి అదీ తీసేయాలి. అన్న మొదటి రిపోర్టులో 380ని 5తో భాగిస్తే 76. 262లో 38 పోను, 76 పోను, 148. రెండో దాంట్లో 150 బై 5, 30. 213లో 42, 30 పోతే 141.

మొత్తం 49 తగ్గింది. అందులో 46 ట్రైగ్లిజరైడ్స్ వాటా. ఎల్డీఎల్ తగ్గింది ఏడంటే ఏడు. ఒకే మనిషికి ఒకే వారంలో రెండుసార్లు తీసినా అంత తేడా వస్తుంది.

అన్న చేసింది చిన్న పనేం కాదు. ట్రైగ్లిజరైడ్స్ అన్నం, తీపి, తాగుడు చెప్పినట్టు వింటాయి. అవి తగ్గిస్తే వారాల్లోనే దిగుతాయి. ఎల్డీఎల్ అలా వినదు. అన్న గెలిచిన కేసు వేరు, శీను గారి మీదున్న కేసు వేరు. (ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క కూడా పనికిరాదు, అప్పుడు నేరుగా కొలిపించాలి.)

---

మాలకొండ 68 | బుధవారం రాత్రి 8:10

అంటే మూడేళ్లుగా నాకు నయం కాలేదంటారా? ఏడేనా?

---

ల్యాబ్ బాషా | బుధవారం రాత్రి 8:14

ఒకటి నయమైంది, ఒకటి ఉన్నచోటే ఉంది అన్నా. ఈ మూడేళ్లలో మళ్లీ తీయించారా?

---

మాలకొండ 68 | బుధవారం రాత్రి 8:20

లేదు.

---

పెన్నాతీరం డాక్టరమ్మ | బుధవారం రాత్రి 11:30

ఇప్పుడే డ్యూటీ అయింది. నెల్లూరులో జనరల్ మెడిసిన్ చూస్తాను. శీనూ, నీ మూడు ప్రశ్నలూ రోజుకి పదిమంది అడుగుతారు. అడగకుండా అట్ట బీరువా మీద పెట్టేసేవాళ్లు ఇంకో పదిమంది.

నయమవుతుందా? టైఫాయిడ్ నయమైనట్టు అయితే కాదు. కొలెస్ట్రాల్ బయటి నుంచి వచ్చిపడిన పురుగు కాదు. మన లివరే రోజూ తయారుచేస్తుంది, అది లేకపోతే కణాలకి గోడలే ఉండవు. నువ్వు తినేదాని కంటే నీ లివర్ చేసేదే ఎక్కువ. అదే లివర్ రక్తంలో తిరిగే ఎల్డీఎల్‌ని పట్టి వెనక్కి లాగేసుకుంటుంది కూడా. కొందరి లివర్ ఈ పట్టే పనిలో పుట్టుకతోనే కాస్త బద్ధకం. తిండి, వయసు దాని మీద కూర్చుంటాయి. 61 కిలోల మనిషికి 178 రావడం, తండ్రి 51కే పోవడం చూస్తే నీకు వచ్చింది హోటల్ నుంచి మాత్రమే కాదు, ఇంటి నుంచి కూడా అనిపిస్తుంది.

మాత్ర ఏం చేస్తుందంటే, లివర్ లోపల తయారీని కాస్త అడ్డుకుంటుంది. తనకి కావలసినంత దొరక్క లివర్ రక్తంలోంచి ఎక్కువ పట్టుకోవడం మొదలెడుతుంది. మాత్ర ఒంట్లో ఉన్నన్నాళ్లే ఆ పట్టు. ఆపేస్తే మూడు నాలుగు వారాల్లో అంకె పాత చోటికి వచ్చి కూర్చుంటుంది.

"అలవాటైపోయే మందా?" అంటే అలవాటు వేరు, అవసరం వేరు. ఆపితే వణుకు రాదు, నిద్ర పట్టకపోవడం ఉండదు. అసలు ఏమీ తెలియదు. నాకు భయం వేసేది అందుకే. ఆపిన సంగతి మనిషికి తెలియదు, రక్తనాళానికి తెలుస్తుంది.

---

బుచ్చి బాబాయ్ | గురువారం ఉదయం 6:15

బుచ్చిరెడ్డిపాళెం నుంచి. నాకు 58. అటోర్వాస్టాటిన్ 20 వాడితే ఎల్డీఎల్ 168 నుంచి 94కి వచ్చింది. "నార్మల్ వచ్చింది కదా" అని నేనే ఆపేశాను. డాక్టర్ని అడగలేదు. రెండేళ్లు హాయిగా ఉన్నాను. తర్వాత ఒక రోజు నారుమడి దగ్గర ఎడం దవడ లాగింది, చెమటలు పట్టాయి. పంటినొప్పి అనుకుని లవంగం పెట్టుకున్నాను. సాయంత్రానికి నెల్లూరులో స్టెంటు వేశారు. ఆ రోజు రక్తంలో 163.

డాక్టరమ్మ చెప్పినదానికి ఇంతకంటే నేను కలిపేదేం లేదు.

---

పెన్నాతీరం డాక్టరమ్మ | గురువారం మధ్యాహ్నం 2:05

బాబాయ్, ఒక్క చిన్న మాట. గుండెపోటు వచ్చిన తర్వాత మొదటి రోజు దాటితే ఎల్డీఎల్ తాత్కాలికంగా పడిపోతుంది. మీకు ఆ రోజే తీశారు కాబట్టి నిజమైన అంకె దొరికింది. జ్వరం, పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా అంతే, కొలెస్ట్రాల్ తక్కువగా కనబడుతుంది. డెంగ్యూ తగ్గిన వారంలో తీయించుకుని "నాకు మామూలైపోయింది" అని వచ్చినవాళ్లున్నారు.

మాత్ర ఆపినందుకే స్టెంటు పడిందని నేను అనను. వాడుతూ కూడా కొందరికి వస్తుంది. వాడితే ముప్పు తగ్గుతుంది, సున్నా అవదు.

---

ఒంగోలు లక్ష్మి | గురువారం మధ్యాహ్నం 3:40

నాకు మాత్రం కొలెస్ట్రాల్ నిజంగానే నయమైంది, అదీ కొలెస్ట్రాల్ మాత్ర లేకుండా! అందుకే రాస్తున్నా. రెండేళ్ల కిందట ఎల్డీఎల్ 210. జుట్టు రాలడం, మలబద్ధకం, మధ్యాహ్నమైతే కూర్చున్నచోటే నిద్ర. డాక్టర్ గారు స్టాటిన్ రాయబోయి ఆగి, ముందు థైరాయిడ్ చూద్దామన్నారు. టీఎస్‌హెచ్ 48 వచ్చింది. థైరాక్సిన్ మొదలుపెట్టి నాలుగు నెలలకి మళ్లీ తీస్తే ఎల్డీఎల్ 126.

శీను గారు థైరాయిడ్ చూపించుకున్నారా?

---

పెన్నాతీరం డాక్టరమ్మ | గురువారం రాత్రి 9:50

లక్ష్మి గారి పోస్టు నేను ముందే రాయాల్సింది. "నయమవుతుందా"కి అవును అనగలిగేది ఇలాంటి చోటే. థైరాయిడ్ మందగిస్తే లివర్ ఎల్డీఎల్‌ని పట్టడం తగ్గిస్తుంది. కిడ్నీల నుంచి ప్రొటీన్ పోతున్నా, పైత్యరసం పారే దారి మూసుకుపోయి కామెర్లు వచ్చినా, కొన్నాళ్లు స్టెరాయిడ్స్ వాడినా పెరగొచ్చు. ఆ మూలం సరిచేస్తే కొలెస్ట్రాల్ దానంతట అదే దిగుతుంది. అందుకే స్టాటిన్ మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, లివర్ పరీక్ష, షుగర్ ఒకసారి చూడాలి. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకి స్టాటిన్ ఇస్తే కండరాల నొప్పులు కూడా ఎక్కువ.

లక్ష్మీ, ఆ థైరాక్సిన్ మాత్రం రోజూ వేసుకుంటున్నావు కదా?

---

ఒంగోలు లక్ష్మి | గురువారం రాత్రి 10:05

వేసుకుంటున్నా మేడం. జీవితాంతం అన్నారు. 😄

---

కావలి శీను | శుక్రవారం రాత్రి 9:15

టీఎస్‌హెచ్ తీయించాను, 2.4. మిగతావి కూడా మామూలుగానే ఉన్నాయి. ఆ దారి మూసుకుపోయింది.

మేడం, మనసులో మాట చెప్తున్నా. నాకు మాత్ర అంటే భయం కాదు, 43 ఏళ్లకే రోజూ మాత్ర మింగే మనిషినైపోయానే అని. మూడు నెలలు గట్టిగా పథ్యం చేసి చూడొచ్చా? నా తిండి: పొద్దున షాపు పక్కన నెయ్యి కారం దోసె రెండు, పదకొండింటికి ఎగ్ పఫ్, రోజుకి నాలుగైదు టీలు చిక్కటి పాలతో, సాయంత్రం బజ్జీలో పునుగులో. ఆదివారం చేపల పులుసు, ఎప్పుడైనా చెరువు దగ్గర్నించి రొయ్యలు తెస్తే వేపుడు. పులుసు మానేయమంటే మాత్రం ఇంకో డాక్టర్ని చూసుకుంటా.

---

పెన్నాతీరం డాక్టరమ్మ | శుక్రవారం రాత్రి 11:10

పులుసు జోలికి నేను రాను. నెల్లూరు మనిషిని, చేపల పులుసు మానమని ఏ మొహంతో చెప్పను.

నీ లిస్టులో నేరస్తులు వేరే ఉన్నారు. ఎల్డీఎల్‌ని పెంచేది ప్రధానంగా గడ్డకట్టే రకం కొవ్వు. నెయ్యి, మీగడ, డాల్డా, పామాయిల్, కొబ్బరినూనె. పామాయిల్‌లో దాదాపు సగం ఆ రకమే, వేరుశనగ నూనెలో ఐదో వంతు లోపు. నువ్వు చెప్పిన బజ్జీలు ఏ నూనెలో వేగుతున్నాయో ఒకసారి బాండీ పక్కన ఉన్న ప్యాకెట్ చూడు. పఫ్ పొరలు పొరలుగా రావాలంటే డాల్డా లాంటిది పడాల్సిందే. పఫ్‌లో గుడ్డు గురించి భయపడి పఫ్‌ని వదిలేస్తారు జనం.

రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువే, కానీ ఈ గడ్డకట్టే కొవ్వు చాలా తక్కువ. తినే కొలెస్ట్రాల్ రక్తంలోని ఎల్డీఎల్‌ని కదిలించేది కొద్దిగానే. వారానికోసారి రొయ్యల ఇగురు తింటే మునిగేదేం లేదు, పామాయిల్లో వేపుడైతే మళ్లీ కథ మొదటికొస్తుంది.

ఇవన్నీ నిజాయితీగా మారిస్తే ఎల్డీఎల్ 10 నుంచి 15 శాతం తగ్గొచ్చు. ఇంతకుముందు తిండి మరీ అధ్వానంగా ఉంటే ఇంకాస్త. 178 మీద 15 శాతం అంటే 151. నీ తండ్రి చరిత్ర, సిగరెట్ చూస్తే నిన్ను 100 లోపల ఉంచాలని నేననుకుంటాను. పథ్యం ఒక్కదానితో అక్కడికి చేరవు. అందుకని నేనైతే రెండూ ఒకేసారి మొదలెట్టమంటాను.

---

ల్యాబ్ బాషా | శనివారం ఉదయం 7:50

మేడంతో కాస్త విభేదిస్తున్నా, చిన్నవాణ్ణి, క్షమించాలి. మా ఊళ్లో ఫిజీషియన్ ఒకాయన ఎల్డీఎల్ 190 లోపు ఉండి, షుగర్, గుండెజబ్బు లేనివాళ్లకి రెండు మూడు నెలలు తిండితో చూద్దాం అంటారు. ఆయన వాదన ఏంటంటే, తిండితో ఎంత తగ్గుతుందో మనిషి తన కళ్లతో చూస్తేనే తర్వాత మాత్ర నమ్మకంగా వేసుకుంటాడట. మొదటి రోజే రాస్తే సగం మంది అట్ట బీరువా మీద పెడతారు. శీను గారు పెట్టారుగా!

---

పెన్నాతీరం డాక్టరమ్మ | శనివారం మధ్యాహ్నం 1:30

బాషా, ఆ వాదనలో విషయం ఉంది. 190 దాటితే, గుండెజబ్బు ఉంటే, 40 దాటి షుగర్ ఉంటే నేను ఒప్పుకోను. శీను ఆ గీతకి ఇవతల ఉన్నాడు. ఎనిమిది వారాలు, తేదీ రాసిపెట్టుకుని. తేదీ లేకుండా "పథ్యం చేస్తున్నా" అనేవాళ్లు మళ్లీ మూడేళ్లకే కనబడతారు. నీకు రాసిచ్చిన డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పి మొదలుపెట్టు శీనూ. సిగరెట్ మాత్రం ఎనిమిది వారాల వాయిదా ఒప్పుకోను, ఇవాళే. అది మానితే అంకె తగ్గదు, కానీ ముప్పులో పెద్ద వాటా సిగరెట్‌దే.

---

మాలకొండ 68 | శనివారం సాయంత్రం 5:00

వెల్లుల్లి సంగతి ఎవరూ తేల్చలేదు.

---

పెన్నాతీరం డాక్టరమ్మ | శనివారం రాత్రి 10:20

తినండి, రుచికి మంచిది. ఎల్డీఎల్ మీద దాని ప్రభావం చాలా తక్కువ. "కంపెనీల కెమికల్" అన్నారు కాబట్టి చెప్తున్నా, ఈ స్టాటిన్ల మూలం బూజు. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన 1970లలో వేల రకాల బూజుల్ని వెతికి మొదటి స్టాటిన్ పట్టుకున్నాడు. 1987లో మొదటిది మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు రోసువా, అటోర్వా రెండూ జెనరిక్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, వీటిలో కంపెనీలకి మిగిలేది మీరనుకున్నంత ఏమీ లేదు.

---

కొత్తపట్నం పద్మ | ఆదివారం ఉదయం 10:40

నేను రోసువా 10 ఐదు నెలలుగా వాడుతున్నాను. వయసు 55. తొడలు, పిక్కలు పట్టేస్తున్నాయి, మెట్లెక్కాలంటే కష్టంగా ఉంది. మా చెల్లెలు ఆ మాత్రే కారణం, ఆపెయ్ అంటోంది. ఆపితే మళ్లీ పెరుగుతుందని ఇక్కడ చదివాక ఎటూ తోచట్లేదు.

---

పెన్నాతీరం డాక్టరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 12:15

పద్మ గారూ, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని మీ అంతట మీరు ఆపి కూర్చోవద్దు. రెండు వైపులా ఒకేలా, తొడల్లో పిక్కల్లో, మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాల నుంచి అయితే మాత్ర మీద అనుమానం పెరుగుతుంది. ఒక మోకాలు మాత్రమే, లేదా నడుం నుంచి ఒక కాల్లోకి లాగడం అయితే తగ్గుతుంది. మీ డాక్టర్ని సీపీకే అనే రక్తపరీక్ష, టీఎస్‌హెచ్, విటమిన్ డి అడగండి. మూత్రం కొబ్బరిపీచు కడిగిన నీళ్లలా ఎర్రటి గోధుమ రంగులో వస్తే మాత్రం అదే రోజు మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. అది అరుదు, కానీ వస్తే ప్రమాదం.

సీపీకే మామూలుగా ఉంటే కొన్ని వారాలు ఆపి చూసి, మళ్లీ మొదలుపెట్టి చూస్తారు. లేదా తక్కువ డోసుకో వేరే స్టాటిన్‌కో మారుస్తారు. లండన్‌లో స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూశారు, 2020లో ఫలితాలొచ్చాయి. అసలు మాత్రతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చింది. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, నొప్పి నిజమే, కారణం వేరు. మీది ఏ కోవదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

---

కొత్తపట్నం పద్మ | ఆదివారం మధ్యాహ్నం 12:50

సరే మేడం. సోమవారం వెళ్తాను. నాది మనోభ్రమ అంటే మాత్రం ఒప్పుకోను.

---

కావలి శీను | తొమ్మిది వారాల తర్వాత, గురువారం రాత్రి 8:40

పాత చర్చని పైకి లేపుతున్నాను. తేదీ రాసుకున్నాను కదా, సరిగ్గా ఎనిమిది వారాలకి అదే ల్యాబ్‌లో, పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఇచ్చాను.

పఫ్ మానేశాను. దోసె ఒక్కటి, నెయ్యి లేకుండా, కారం మాత్రం రెండింతలు. ఇంట్లో వేరుశనగ నూనె, నెలకి మనిషికి అర లీటరు లెక్కన మా ఆవిడ సీసా మీద గీత గీసి పెట్టింది. పాలు మీగడ తీసినవి. బజ్జీల బండి దగ్గర ప్యాకెట్ చూశాను మేడం, మీరన్నదే. సిగరెట్ మొదటి పది రోజులు నరకం, ఇప్పుడు మానేసి 50 రోజులు.

మొత్తం 226, ఎల్డీఎల్ 157, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 145.

ట్రైగ్లిజరైడ్స్ మామూలుకొచ్చాయి. ఎల్డీఎల్ 21 తగ్గింది. ఇంత చేస్తే 21 ఏంటని ఆ రోజు అన్నం సయించలేదు.

---

ల్యాబ్ బాషా | గురువారం రాత్రి 9:00

12 శాతం. మేడం చెప్పిన 10, 15 మధ్యలోనే ఉంది. మీరు సరిగ్గా చేశారనడానికి ఇదే సాక్ష్యం. చేయనివాళ్లకి ఇదీ రాదు.

---

పెన్నాతీరం డాక్టరమ్మ | గురువారం రాత్రి 11:45

ఆ 21 వృథా కాదు. మాత్ర ఇప్పుడు 178 మీద కాదు, 157 మీద పని చేస్తుంది. రోసువా 10కి సుమారు 45 శాతం తగ్గుతుంది. లెక్క వేసుకో.

---

కావలి శీను | ఏడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 9:30

అట్ట చించాను. ఆరు వారాలు వాడి నిన్న తీయించాను. ఎల్డీఎల్ 88. మొత్తం 159, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్స్ 150. లివర్ పరీక్ష మామూలే. నొప్పులు లేవు. మొదటి వారం కాళ్లు పట్టేసినట్టు అనిపించింది, పద్మ గారి పోస్టు చదివినందుకేనేమో, తర్వాత మర్చిపోయాను, అదీ మర్చిపోయింది.

కాగితం మీద ఎర్ర అంకె ఒక్కటీ లేదు. చూడగానే నాకూ అదే బుద్ధి పుట్టింది, నార్మల్ వచ్చింది కదా, ఆపేద్దామా అని. నవ్వకండి. తర్వాత షాపులో కూర్చుంటే ఒక రైతు వచ్చాడు. చెరువులో ఆక్సిజన్ రాత్రి బాగానే ఉందని కరెంటు బిల్లు కోసం ఏరేటర్లు ఆపేశాడట, తెల్లారేసరికి రొయ్యలు గట్టున తేలాయి. మీటర్లో అంకె బాగున్నది ఏరేటర్ తిరగబట్టే అని ఆయనకి నేనే క్లాసు పీకాను. ఇంటికొచ్చి మాత్ర వేసుకున్నాను.

ఒక్క అనుమానం. 88 ఉంది కదా, సగం మాత్ర వేసుకుంటే 120 వస్తుందా?

---

పెన్నాతీరం డాక్టరమ్మ | ఆదివారం రాత్రి 10:10

రాదు. స్టాటిన్ డోసు సగం చేస్తే పని సగం అవదు. రెట్టింపు చేసినా, సగం చేసినా తేడా సుమారు ఆరు శాతమే. నీకు 5 ఇస్తే 95, 98 దగ్గర ఉండొచ్చు. కాబట్టి అడగకూడని ప్రశ్న కాదు. నేనైతే నాన్న చరిత్ర వల్ల 10లోనే ఉంచుతాను. నీ డాక్టర్ గారు 5 చాలంటే ఆయన్ని తప్పు పట్టను. ఇక్కడ డాక్టర్లమే ఒక మాట మీద లేము.

ఇకపై ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చాలు. అన్నట్టు, నీకు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారా?

---

కావలి శీను | సోమవారం ఉదయం 6:50

తమ్ముడున్నాడు మేడం, 38. బెంగళూరులో. "నాకేం లేదు, నేను జిమ్‌కి వెళ్తాను" అంటున్నాడు. ఈ లింకు పంపాను, చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

---

మాలకొండ 68 | సోమవారం ఉదయం 8:05

నేనూ మొన్న తీయించాను. ట్రైగ్లిజరైడ్స్ 160. ఎల్డీఎల్ 152. బాషా, పొద్దున ఎన్నింటికి ల్యాబ్‌లో ఉంటావు? కాగితం తీసుకుని వస్తా.

---

ల్యాబ్ బాషా | సోమవారం ఉదయం 8:20

ఏడింటికల్లా ఉంటా అన్నా. కాకపోతే కాగితం చూపించాల్సింది నాకు కాదు, డాక్టర్‌కి. షుగర్ కూడా ఒకసారి తీద్దాం, ఏమీ తినకుండా రండి.

---

బుచ్చి బాబాయ్ | సోమవారం ఉదయం 9:00

వెల్లుల్లి కూడా తినకుండా.